గుణకం 0.91 అంటే మే నెల ఎండకు వారం రోజుల జ్ఞాపకం ఉన్నట్టేనా?

ప్రశ్న: నమస్కారం. హైదరాబాద్ నాచారంలో మా మేడ మీద నీడలో పెట్టిన థర్మామీటర్‌తో ఫిబ్రవరి 1 నుంచి మే 31 వరకు 120 రోజుల గరిష్ఠ ఉష్ణోగ్రత రాసుకున్నాను. ఫైలు జతచేశాను. నిన్నటి రీడింగు నుంచి ఈ రోజుది అంచనా వేసే ఏఆర్(1) మోడల్ పెడితే దాని గుణకం ఫై 0.91 వచ్చింది. కానీ ఏసీఎఫ్, అంటే కొన్ని రోజుల ఎడంలో ఉన్న రీడింగుల మధ్య సహసంబంధం గీస్తే, 30 లాగ్‌ల దాకా, అంటే 30 రోజుల ఎడం దాకా గీతలు నీలి హద్దు బయటే ఉన్నాయి. అంటే ఒక రోజు ఎండ ప్రభావం నెల రోజులు ఉంటుందా? ఏఆర్(30) పెట్టాలా? అసలు ఫైకి, ఏసీఎఫ్ ఆకారానికి సంబంధం ఏమిటో కాస్త వివరంగా చెప్పగలరా?

సమాధానం:

ఏఆర్(30) అవసరం లేదు, నెల రోజుల ప్రభావమూ లేదు. మీ 0.91 లో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి ఫిబ్రవరి నుంచి మే వరకు ఎండ ముదరడం, రెండవది ఒక రోజు ఎండకూ మరుసటి రోజు ఎండకూ ఉన్న అసలు సంబంధం. ఈ రెంటినీ విడదీస్తే గుణకం 0.7 దగ్గరకు దిగుతుంది. మీ ఫైలును నేను కూడా నడిపి చూశాను కాబట్టి ఆ అంకెలతోనే వివరిస్తాను. అయితే ఫైకి, ఏసీఎఫ్‌కి ఉన్న సంబంధం ముందుగా స్పష్టం కాకపోతే తరువాత చెప్పేది చేతిలో నిలవదు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

సగటు నుంచి ఈ రోజు ఉష్ణోగ్రత ఎంత తేడాగా ఉందో దానిని x అనుకుందాం. ఏఆర్(1) చెప్పేది ఇంతే:

```
x[t] = φ·x[t-1] + e[t]
```

ఇందులో φ అన్నదే మీ ఫై. నిన్నటి తేడాలో φ వంతు ఈ రోజుకు మిగులుతుంది, దానికి ఈ రోజు కొత్తగా వచ్చిన కుదుపు e కలుస్తుంది. మొన్నటి రోజుకు ఈ సమీకరణంలో చోటు లేదు. మొన్న జరిగినది ఈ రోజును తాకాలంటే నిన్నటి గుండానే రావాలి, వచ్చేటప్పుడు మరొకసారి φ తో గుణింపబడి తగ్గిపోతుంది. కాబట్టి సమీకరణంలో జ్ఞాపకం ఒక్క రోజుదే అయినా, ఫలితంలో జ్ఞాపకం చాలా రోజులకు పాకుతుంది. మీ అయోమయానికి మూలం ఇక్కడే ఉంది. ఏసీఎఫ్‌లో చాలా గీతలు హద్దు దాటి ఉండటం అంటే చాలా లాగ్‌లు సమీకరణంలో ఉండాలని అర్థం కాదు.

ఏసీఎఫ్ ఆకారం ఎలా వస్తుందో చూడటానికి పెద్ద గణితం అక్కరలేదు. పై సమీకరణాన్ని రెండు వైపులా k రోజుల కిందటి x తో గుణించి సగటు తీసుకోండి. ఈ రోజు కుదుపుకు గతంతో సంబంధం లేదని మన ఊహ కాబట్టి ఆ పదం సున్నా అవుతుంది, మిగిలినదాన్ని వేరియన్స్‌తో భాగించి, k లాగ్ దగ్గరి ఏసీఎఫ్‌ను ρ(k) అనుకుంటే ఇది వస్తుంది:

```
ρ(k) = φ·ρ(k-1),  ρ(0) = 1
కాబట్టి  ρ(k) = φ^k
```

గుణించి సగటు తీసే ఈ పద్ధతిని సమయశ్రేణుల పుస్తకాలు యూల్–వాకర్ సమీకరణాలు అంటాయి. ఆ వాకర్ మనకు పరాయివాడు కాదు. 1904 నుంచి 1924 వరకు భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉండి, రుతుపవనాలను ముందుగా అంచనా వేయడానికి సహసంబంధాల లెక్కలు కట్టిన గిల్బర్ట్ వాకరే ఆయన. సూర్యుడి మచ్చల సంఖ్య మీద యూల్ 1927లో చేసిన పనిని ఆయన 1931లో విస్తరించారు. మీరు మేడ మీద థర్మామీటర్ పెట్టుకొని చేస్తున్న పని ఆ వంశానికి చెందినదే.

ρ(k) = φ^k లో గమనించవలసింది, ఒక గీతకూ దాని పక్క గీతకూ ఉన్న నిష్పత్తి ఎప్పుడూ ఒకటే అన్నది. మొదటి గీత 0.7 అయితే రెండవది 0.49, మూడవది 0.34, నాలుగవది 0.24. ప్రతి అడుగులోనూ ఉన్నదానిలో ముప్పై శాతం పోతుంది. మొదట వేగంగా దిగి, తరువాత నెమ్మదిగా సున్నాకు ఒరిగే వంపు ఇది. φ ఒకటికి దగ్గరైన కొద్దీ వంపు చదునుగా మారుతుంది, కానీ నిష్పత్తి మాత్రం మారదు. ఈ సమాధానంలో మీరు ఒక్క పరీక్షనే గుర్తుపెట్టుకోగలిగితే ఈ నిష్పత్తి పరీక్షనే పెట్టుకోండి, ఎందుకంటే మీ ఫైలులోని లోపాన్ని పట్టిచ్చేది అదే.

నిలకడను గుణకంగా కాక రోజులుగా చెప్పుకుంటే మనసుకు పడుతుంది. ఒక కుదుపు సగానికి తగ్గడానికి పట్టే కాలం ln(0.5)/ln(φ). φ 0.5 అయితే ఒక రోజు, 0.7 అయితే దాదాపు రెండు రోజులు, 0.9 అయితే ఆరున్నర రోజులు, 0.99 అయితే 69 రోజులు. 0.5 నుంచి 0.7 కు వెళితే కలిసింది ఒక్క రోజు, 0.9 నుంచి 0.99 కు వెళితే రెండు నెలలు కలిశాయి. ఒకటికి చేరువలో గుణకంలో వచ్చే చిన్న పొరపాటు నిలకడలో చాలా పెద్ద పొరపాటుగా మారుతుందన్నమాట. అందుకే ఫై విలువను రెండవ దశాంశం దాకా చూసి సంతోషించే ముందు దానిని రోజుల్లోకి మార్చి, ఆ రోజులు నమ్మదగినవిగా ఉన్నాయా అని అడగాలి.

మీ 0.91 ను అలా మార్చితే 7.3 రోజులు వస్తుంది. ఇప్పుడు మన ఊరి అనుభవంతో దీనిని తూకం వేద్దాం. ఏప్రిల్ చివరలో ఒక సాయంత్రం ఈదురుగాలులతో అకాల వర్షం కురిసి, మరుసటి రోజు గరిష్ఠ ఉష్ణోగ్రత మామూలు కంటే అయిదు డిగ్రీలు తగ్గిందనుకోండి. φ 0.91 నిజమైతే ఆ తరువాతి రోజు 4.6 డిగ్రీలు, ఆపై రోజు 4.1, మరుసటి రోజు 3.8 డిగ్రీల తగ్గుదల ఉండాలి. వారం గడిచాక కూడా 2.6 డిగ్రీల చల్లదనం మిగలాలి. హైదరాబాద్‌లో ఒక్క వేసవి గడిపినవారు ఎవరూ దీనిని ఒప్పుకోరు. వాన పడిన రోజు హాయిగా ఉంటుంది, మర్నాడు కొంత ఊరట ఉంటుంది, మూడో నాలుగో రోజుకు మళ్లీ కూలర్ ముందు కూర్చోవలసిందే. φ 0.68 అయితే అదే అయిదు డిగ్రీలు వరుసగా 3.4, 2.3, 1.6, 1.1 అవుతాయి. మన ఒంటికి తెలిసిన వేసవి ఇది.

ఇక మీ ఏసీఎఫ్‌ను దగ్గరగా చూద్దాం. మీ ముడి రీడింగుల మీద నాకు వచ్చిన విలువలు ఇవి, పక్కన 0.91 ఘాతాలు ఉన్నాయి:

```
లాగ్     మీ ACF    0.91^k
1        0.91      0.91
2        0.85      0.83
3        0.80      0.75
5        0.72      0.62
10       0.60      0.39
20       0.40      0.15
30       0.22      0.06
```

మొదటి గీత సరిపోవడంలో వింత లేదు, ఫైను దాని నుంచే తీశాం కదా. చూడవలసింది తరువాతివి. పదవ లాగ్ దగ్గర ఏఆర్(1) ప్రకారం 0.39 ఉండాలి, మీకు 0.60 ఉంది, ఇరవయ్యవ లాగ్ దగ్గర 0.15 ఉండాలి, 0.40 ఉంది. నిష్పత్తులు తీస్తే విషయం ఇంకా తేటపడుతుంది. మొదటి అడుగు 0.91, తరువాత 0.93, 0.94, 0.95, అయిదు నుంచి పదికి వెళ్లేటప్పుడు అడుగుకు సగటున 0.96. నిజమైన ఏఆర్(1) లో ఈ అంకె కదలకూడదు, ఇక్కడ పైకి పాకుతోంది. మరోలా చెప్పాలంటే, పది దాటాక మీ గీతల కొనలు వంపుగా కాక దాదాపు స్కేలు పెట్టి గీసినట్టు దిగుతున్నాయి, లాగ్‌కు సుమారు 0.02 చొప్పున. ఏసీఎఫ్ ఇలా తిన్నగా దిగుతోందంటే, ఆ డేటాలో ట్రెండ్ ఉందేమోనని ముందు అనుమానించాలి.

మధ్య రోజుల ప్రభావాన్ని తీసేసి రెండు రోజుల మధ్య నేరు సంబంధాన్ని మాత్రమే చూపే పీఏసీఎఫ్ చూసి ఉంటే ఇది తెలిసేది కదా అని మీరు అనవచ్చు. నేనూ అలాగే అనుకొని చూశాను. మీ డేటాలో పీఏసీఎఫ్ రెండవ గీత 0.1 దరిదాపుల్లో, హద్దు లోపలే ఉంది. అంటే ‘ఏసీఎఫ్ నెమ్మదిగా దిగాలి, పీఏసీఎఫ్‌లో ఒక్క గీతే నిలబడాలి’ అని తరగతిలో చెప్పే గుర్తులు రెండూ మీ ముడి రీడింగులకు సరిపోయాయి, అయినా మోడల్ తప్పు. ‘నెమ్మదిగా దిగాలి’ అన్న మాట చాలదు, ఏ ఆకారంలో దిగుతోందో చూడాలి అని నేను పట్టుబట్టేది ఇందుకే.

ట్రెండ్ ఒక్కటే ఉంటే ఏసీఎఫ్ ఎలా ఉంటుందో కాగితం మీదే లెక్కించవచ్చు. కుదుపులు ఏమీ లేని ఒక సరళరేఖను n రోజులు నమూనాగా తీసుకుంటే, దాని ఏసీఎఫ్ చిన్న లాగ్‌ల దగ్గర ఇంచుమించు 1 − 3k/n. n = 120 కాబట్టి లాగ్‌కు 0.025 చొప్పున తిన్నగా దిగుతుంది. మొదటి గీత 0.975, పదవది 0.75, ఇరవయ్యవది 0.51. ఇందులో జ్ఞాపకం అన్నదే లేదు, ఒక గీటు మాత్రమే ఉంది. అయినా దానిని ఏఆర్(1) కి అప్పగిస్తే 0.975 అనే గుణకాన్ని, అంటే 27 రోజుల సగంకాలాన్ని కల్పించి మన చేతిలో పెడుతుంది.

మీ రీడింగుల గుండా సరళరేఖ గీస్తే అది ఫిబ్రవరి మొదట్లో 31 డిగ్రీల దగ్గర మొదలై మే చివరకు 41 దగ్గర ముగుస్తోంది. పది డిగ్రీలు ఎక్కే రేఖకు వేరియన్స్ 10²/12, అంటే 8.3. ఆ రేఖ చుట్టూ మీ రీడింగుల తేడా సుమారు 1.5 డిగ్రీల స్టాండర్డ్ డీవియేషన్‌తో ఉంది, దాని వేరియన్స్ 2.25. మొత్తంలో 79 శాతం రేఖది, 21 శాతం మాత్రమే రోజువారీ తేడాలది. ఏసీఎఫ్ కూడా అదే పాళ్లలో కలుస్తుంది. మొదటి లాగ్‌కు 0.79 × 0.975 + 0.21 × 0.68 చేయండి, 0.91 వస్తుంది. పదవ లాగ్‌కు 0.79 × 0.75, దానికి తేడాల వాటాగా కలిసేది దాదాపు సున్నా, మొత్తం 0.6 దగ్గర తేలుతుంది. మీ పట్టికలోని అంకెలే ఇవి. పదవ లాగ్ తరువాత మీకు కనిపిస్తున్నదంతా వేసవి ఎక్కిన మెట్లే, అందులో ఎండ జ్ఞాపకం ఒక్క చుక్క కూడా లేదు.

ఇప్పుడు రేఖను తీసివేద్దాం. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో ఇంతే పని:

```r
day <- seq_along(x)
u <- residuals(lm(x ~ day))
acf(u, lag.max = 30)
pacf(u, lag.max = 30)
arima(x, order = c(1, 0, 0), xreg = day)
```

చివరి వరుస రేఖనూ గుణకాన్నీ ఒకేసారి అంచనా వేస్తుంది, నివేదించడానికి అదే వాడండి. మధ్యలోని రెండు బొమ్మలు కంటితో చూడటానికి. ఒక హెచ్చరిక: `xreg` లేకుండా నడిపినప్పుడు `arima` ఫలితంలో `intercept` అని కనిపించేది నిజానికి సగటు, సమీకరణంలోని స్థిరాంకం కాదు. స్థిరాంకం కావాలంటే దానిని (1 − φ) తో గుణించుకోవాలి. ఇది తెలియక 35 డిగ్రీల సగటును స్థిరాంకంగా పెట్టి, ఉష్ణోగ్రత వందలు దాటుతోందేమిటని తల పట్టుకున్నవాళ్లను చూశాను.

రేఖ తీసిన తరువాత మీ ఏసీఎఫ్ ఇలా వచ్చింది: 0.68, 0.45, 0.31, 0.20, 0.11. ఇప్పుడు 0.68 ఘాతాలు చూడండి: 0.68, 0.46, 0.31, 0.21, 0.15. నిష్పత్తులు 0.68, 0.66, 0.69, 0.65. చిన్న విలువలకు వచ్చేసరికి కాస్త ఊగడం సహజం, మొత్తానికి నిష్పత్తి నిలబడింది. పీఏసీఎఫ్‌లో ఒక్క గీతే ఉంది. ఏఆర్(1) మీ డేటాకు సరైన మోడలే. మీరు దానిని రోజువారీ తేడాలకు కాక మొత్తం వేసవికి తొడిగారు, అంతే.

ఇక్కడ మీకు మరొక అనుమానం వస్తుంది కాబట్టి ముందే చెబుతాను. కొత్త బొమ్మలో 14 నుంచి 17 వరకు నాలుగు గీతలు సున్నాకు కిందుగా, ఒకటి −0.23 దాకా వెళ్లి, నీలి హద్దును దాటాయి. పదిహేను రోజులకొకసారి ఎండ తిరగబడుతుందని దీనికి అర్థం చెప్పుకోకండి. ఆర్ గీసే ఆ చుక్కల గీతలు ±1.96/√n, అంటే మీకు ±0.18. డేటాలో ఏ సంబంధమూ లేదు, అంతా నాయిసే అన్న ఊహ మీద కట్టిన హద్దు అది. మీ డేటాలో సంబంధం ఉందని మనకు ఇప్పటికే తెలుసు. అలాంటప్పుడు దూరపు లాగ్‌ల దగ్గర అంచనాలోని ఊగిసలాట బార్ట్‌లెట్ సూత్రం ప్రకారం √((1+φ²)/(1−φ²)/n) అవుతుంది. φ = 0.68 పెడితే 0.15, దానికి 1.96 రెట్లు 0.295. మీకు వర్తించే హద్దు ±0.3, −0.23 దాని లోపలే ఉంది. పైగా పక్కపక్క గీతల అంచనాలు ఒకదానిని మరొకటి పట్టుకొని ఊగుతాయి కాబట్టి, ఒకటి కిందకు పోతే దాని పక్కవీ పోతాయి. నాలుగు గీతలు కలిసి ఒకే వైపు ఒరగడం నాలుగు సాక్ష్యాలు కాదు, ఒకే సాక్షి నాలుగుసార్లు చెప్పడం. రేఖనూ సగటునూ డేటా నుంచే తీసి తగ్గించడం వల్ల దూరపు గీతలు కొంత కిందకు జారడం కూడా మామూలే.

0.68 ను కూడా రాతిమీద గీతలా తీసుకోవద్దు. 120 రోజులకు దాని స్టాండర్డ్ ఎర్రర్ √((1−φ²)/n), అంటే 0.067, నిజమైన విలువ 0.55 నుంచి 0.81 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. రోజుల్లోకి మార్చితే ఒక రోజు పైచిలుకు నుంచి మూడున్నర రోజుల లోపు. దీనికి తోడు చిన్న నమూనాలలో φ అంచనా ఎప్పుడూ కొంత తక్కువ వైపుకే మొగ్గుతుంది. సగటును మాత్రమే తీసినప్పుడు ఆ మొగ్గు సుమారు (1+3φ)/n, రేఖను కూడా తీసినప్పుడు సుమారు (2+4φ)/n. మీ విషయంలో రెండవది 0.04 వస్తుంది కాబట్టి నేనైతే 0.72 దగ్గర ఉందనుకొని, సగంకాలం రెండు రోజులని చెబుతాను. పదేళ్ల రీడింగులు ఉన్నప్పుడు ఈ సవరణ గురించి ఆలోచించనక్కరలేదు. నాలుగు నెలలకు ఆలోచించాలి.

కుదుపుల పరిమాణాన్ని కూడా φ తోనే విడదీయాలి. ఏఆర్(1) లో మొత్తం వేరియన్స్, కుదుపుల వేరియన్స్‌ను (1 − φ²) తో భాగిస్తే వస్తుంది. రేఖ చుట్టూ తేడా 1.5 డిగ్రీలైతే, 0.68 గుణకంతో రోజువారీ కొత్త కుదుపు 1.1 డిగ్రీలు. నిన్నటి రీడింగు తెలిసి రేపటిని చెప్పేటప్పుడు మీకు ఉండే అనిశ్చితి ఇదే. ఏమీ తెలియకుండా చెబితే 1.5, తెలిసి చెబితే 1.1, లాభం అంతే. నిలకడ ఉందంటే భవిష్యత్తు చేతికి వచ్చేసినట్టు కాదని ఈ రెండు అంకెలు గుర్తుచేస్తాయి.

‘ఏసీఎఫ్ నెమ్మదిగా దిగుతోంది కదా, ఈ రోజు రీడింగు నుంచి నిన్నటిది తీసివేసి డిఫరెన్స్ తీసుకోండి’ అని మీకు ఎవరైనా సలహా ఇవ్వవచ్చు, ఆ సలహా చాలా చోట్ల వినిపిస్తుంది. ఇక్కడ తీసుకోవద్దు. రేఖ చుట్టూ తిరిగే ఏఆర్(1) ని డిఫరెన్స్ చేస్తే మొదటి లాగ్ దగ్గర −(1−φ)/2, అంటే −0.16 విలువ ఉన్న ఒక చిన్న రుణ గీత మిగులుతుంది, మిగతావి అంతకంటే చిన్నవై సున్నాకు ఒరుగుతాయి. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, కానీ ఎండ మళ్లీ తన స్థాయికి తిరిగివస్తుందన్న అసలు సమాచారం అందులో కనుమరుగవుతుంది. ఆ మోడల్ ప్రకారం వాన తెచ్చిన చల్లదనంలో ఎక్కువ భాగం ఎప్పటికీ పోదు. నా ఉద్యోగం తొలినాళ్లలో విద్యుత్ డిమాండ్ అంచనాలు వేసేటప్పుడు నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే. ఒక మే నెలలో వాన పడిన మరుసటి రోజు నుంచి నా అంచనాలు వరుసగా కిందనే ఉండిపోయాయి, డిమాండ్ మాత్రం మూడో రోజుకే యథాస్థానానికి వచ్చింది. తప్పు డేటాలో ఉందని రెండు రోజులు వెతికి, చివరకు నా మోడల్‌లో దొరికించుకున్నాను.

నిష్పత్తి పరీక్ష మరొక లోపాన్ని కూడా పట్టిస్తుంది, మేడ మీది థర్మామీటర్ కాబట్టి అది మీకు పనికొస్తుంది. రీడింగులో పొరపాట్లు ఉంటే, అంటే ఒక రోజు తొందరలో చూడటం, ఒక రోజు నీడ జరిగి థర్మామీటర్ మీద ఎండ పడటం లాంటివి ఉంటే, ఏసీఎఫ్ సున్నా లాగ్ నుంచి మొదటి లాగ్‌కు ఉండవలసిన దానికంటే ఎక్కువగా కూలి, ఆ తరువాతే సరైన నిష్పత్తితో దిగుతుంది. ఉదాహరణకు నిజమైన φ 0.7, వేరియన్స్‌లో పదో వంతు రీడింగు పొరపాటు అయితే గీతలు 0.63, 0.44, 0.31 అని వస్తాయి. మొదటి గీత నుంచి φ తీస్తే 0.63, రెండవదానిని మొదటిదానితో భాగిస్తే 0.7. ఈ రెండూ కలవకపోతే కొలతను అనుమానించాలి. మీకు 0.68, 0.66 వచ్చాయి, పెద్ద తేడా లేదు, మీ చేయి నమ్మదగినదే.

φ రుణాత్మకమైతే ఏమిటన్నది మీరు అడగలేదు, కానీ ఏసీఎఫ్ ఆకారం గురించి అడిగారు కాబట్టి ఒక్క మాట. అప్పుడు గీతలు పైకీ కిందకూ మారుతూ తగ్గుతాయి, −0.7 అయితే −0.7, 0.49, −0.34, 0.24. ఇక్కడా అదే వల ఉంది. రోజు విడిచి రోజు నల్లా నీళ్లు వచ్చే కాలనీలో సంప్ మట్టం రాసుకుంటే ఏసీఎఫ్ ఇలాగే పైకీ కిందకూ ఊగుతుంది, అయితే తగ్గదు, ఇరవయ్యవ లాగ్ దగ్గర కూడా దాదాపు అంతే ఎత్తున ఊగుతుంది. అది నీళ్లు వదిలేవారి టైంటేబుల్, రుణ గుణకం కాదు. మీ ట్రెండ్‌ను గుణకంలోకి తోయకూడనట్టే దానిని కూడా φ లోకి తోయకూడదు.

ఇంకొకటి, φ ని ఎప్పుడు చెప్పినా ఎంత కాల వ్యవధికో కలిపే చెప్పాలి. రోజుకు 0.68 అంటే, అవే రీడింగులను రోజు విడిచి రోజు తీసుకుంటే 0.46, వారానికొకటి తీసుకుంటే 0.07. ఎండ మారలేదు, మన చూపుల మధ్య ఎడం మారింది. వేరే ఊరివారు వారపు రీడింగుల మీద 0.3 వచ్చిందని చెబితే, మీ 0.68 కంటే వారి నిలకడ తక్కువని అనుకోకండి. వారిది రోజుకు 0.84 పైనే.

చివరగా ఈ మోడల్ ఎక్కడిదాకా పనికొస్తుందో చెప్పాలి. రేపటి అంచనాలో ఈ రోజు తేడాకు 0.68 వాటా ఉంటుంది, ఏడు రోజుల తరువాతి అంచనాలో 0.07 మాత్రమే. అంటే వారం అవతల మీరు చెప్పే అంకెంతా రేఖదే, గుణకానిది ఏమీ ఉండదు. మే 31 దగ్గర 41 డిగ్రీల వద్ద ఆగిన మీ రేఖను అలాగే పొడిగిస్తే జూన్ 10 కి దాదాపు 42 చెబుతుంది. ఆ పాటికి రుతుపవనాల మేఘాలు మన ఊరిని కమ్ముకునే కాలం వచ్చేస్తుంది, రేఖ పైకి చూస్తుంటే ఉష్ణోగ్రత కిందకు దిగుతుంది. మే మధ్య నుంచే రేఖ వంగడం మొదలవుతుంది కాబట్టి `day` తో పాటు `day^2` కూడా కలిపి ఒకసారి నడపండి, `xreg = cbind(day, day^2)` అని ఇస్తే చాలు. గుణకం ఇంకొంచెం దిగితే ఆ వంపు కూడా కొంత నిలకడగా వేషం వేసుకొని ఉందన్నమాట. బేగంపేట కేంద్రానికి వాతావరణ శాఖ ఇచ్చే ముప్పై ఏళ్ల సగటు మీకు దొరికితే రేఖలన్నీ పక్కన పెట్టి, ఏ తేదీకి ఆ తేదీ సగటును తీసివేసి, మిగిలిన తేడాల మీద ఏసీఎఫ్ గీసి ఇక్కడ పెట్టండి. అప్పుడు వచ్చే నిష్పత్తులను చూసి మిగతాది మాట్లాడుకుందాం.